‘సవరించబడింది’ అంటే ఏంటక్కా?

ప్రశ్న: మేడమ్, నేను విజయవాడలో ఒక డెలివరీ కంపెనీ ఆఫీసులో రైడర్ సపోర్ట్‌లో పని చేస్తున్నాను. ప్రతి బుధవారం రైడర్లకు వారం డబ్బులు పడతాయి. ఎవరికైనా అనుకున్నదానికంటే తక్కువ పడితే ఒక మెసేజ్ వెళ్తుంది. నేను చేరిన కొత్తలో రాసిందే అది: “ప్రియమైన పార్ట్‌నర్, పాలసీ ప్రకారం ఈ వారం మీ పేఅవుట్ సవరించబడింది. వచ్చే వారం మరిన్ని ఆర్డర్లు చేసి మరింత సంపాదించండి!” మా చిన్నాన్న కొడుకు కూడా మా కంపెనీకే బండి నడుపుతాడు. పోయిన బుధవారం ఫోన్ పట్టుకుని ఇంటికొచ్చాడు. “86 ఆర్డర్లు చేశానక్కా, ఐదు వేలు పైన రావాలి, 2,980 పడింది. సవరించబడింది అంటే ఏంటక్కా? కట్ చేశారనేగా?” అన్నాడు. నేను రాసిన మెసేజే, నాకే జవాబు రాలేదు. మర్నాడు ఆఫీసులో నా లాగిన్‌తో వాడి ఐడీ తెరిచి చూశాను. ఆర్డర్లు 84, వాటి డబ్బు 3,780, ఇన్సెంటివ్ 700, క్యాష్ సర్దుబాటు 1,350, బ్యాగు వాయిదా 150 అని ఉంది. వాడు 86 అంటాడు. బుధవారాలు కాల్స్ తట్టుకోలేకపోతున్నామని ఇప్పుడు ఆ మెసేజ్ తిరగరాసే పని నాకే ఇచ్చారు. మేనేజర్ మాత్రం “కారణాలు రాస్తే గొడవలు పెరుగుతాయి, చిన్నగా, పాజిటివ్‌గా రాయి” అంటున్నారు. ఎలా రాయను? తమ్ముడికి ఏం చెప్పను? వాడి ఐడీ చూడటం తప్పేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.
— పేరు వద్దు, విజయవాడ

జవాబు: మీ తమ్ముడు అడిగిన ప్రశ్నలోనే మీకు కావలసిన జవాబు సగం ఉంది. ‘సవరించబడింది’ అన్న మాటను అతను ‘కట్ చేశారు’ అని చదువుకున్నాడు. అతని తప్పేమీ లేదు. ఎవరు సవరించారో, ఎంత సవరించారో, ఎటు సవరించారో ఆ మాట చెప్పదు. చెప్పని చోట మనిషి ఎప్పుడూ చెడ్డదే ఊహించుకుంటాడు. డబ్బు విషయంలో మరీను.

ముందు అతని లెక్క తేలుద్దాం. మెసేజ్ ఎలా ఉండాలో ఆ లెక్కలోంచే వస్తుంది. మీ దగ్గర 85 ఆర్డర్లకు 1,200, 70 ఆర్డర్లకు 700 ఇన్సెంటివ్ ఉందనుకుంటున్నాను. ఆ 700 చూస్తే అలాగే అనిపిస్తోంది. స్లాబులు వేరైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే. మీ తమ్ముడు మనసులో వేసుకున్న లెక్క ఇలా ఉండి ఉంటుంది: 86 ఆర్డర్ల డబ్బు, దానిమీద 85 దాటాను కాబట్టి 1,200. ఆ మిగతా రెండు ఆర్డర్లకు 47 చొప్పున వేసుకుంటే ఆర్డర్ల డబ్బు 3,874, ఇన్సెంటివ్‌తో కలిపి 5,074. పడింది 2,980. తేడా 2,094.

ఈ 2,094 మొత్తం ఒకే రకం డబ్బు కాదు, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఇందులో ‘క్యాష్ సర్దుబాటు’ అని ఉన్న 1,350 అతను కస్టమర్ల దగ్గర క్యాష్‌గా తీసుకుని ఇంకా కంపెనీకి కట్టనిది. అంటే అది ఇప్పటికే అతని జేబులోకి వచ్చిన డబ్బు. బంకులో పెట్రోలుకో, ఇంట్లో పాలకో ఖర్చయిపోయి ఉండొచ్చు, అందుకే ఉన్నట్టు అనిపించదు. లెక్కలోకి రాని ఆ రెండు ఆర్డర్ల 94 రూపాయలు, అవి వచ్చే వారంలోకి జారి ఉంటే, ఎక్కడికీ పోలేదు, వచ్చే బుధవారం పడతాయి. ఇన్సెంటివ్‌లో తగ్గిన 500, బ్యాగు వాయిదా 150, ఈ 650 మాత్రం నిజంగా ఇక రానిది. ఐదు వేలు రావాలి, మూడు వేలే వచ్చాయి అనుకుని మీ ఇంటికొచ్చిన మనిషికి నిజంగా పోయింది 650. ఆ 650 మీద అతనికి కోపం రావచ్చు, అది వేరే సంగతి. కానీ 2,094 మీద రావాల్సిన పని లేదు. ఈ తేడాను మీ మెసేజ్ చెప్పలేదు కాబట్టి మొత్తానికీ వచ్చింది.

మరి 86 అని అతను, 84 అని మీ సిస్టమ్ ఎందుకంటున్నాయి? ఆదివారం రాత్రి చూడండి. వారం సోమవారం నుంచి ఆదివారం వరకు అయితే, ఆదివారం పదకొండున్నర దాటాక తీసుకుని పన్నెండు దాటాక ఇచ్చిన ఆర్డర్ల గతి ఏమిటన్నది చాలామంది రైడర్లకు తెలియదు. మొగల్రాజపురంలో బిర్యానీ తీసుకునేసరికి 11:40, భవానీపురంలో తలుపు తట్టేసరికి 12:10 అనుకోండి. అతనికది ఆదివారం ఆర్డరే. డెలివరీ సమయాన్ని లెక్కపెట్టే సిస్టమ్‌కు అది సోమవారం ఆర్డరు. రెండు ఆర్డర్లు అలా అటు జారితే 86 కాస్తా 84 అవుతుంది, 85 స్లాబు చేజారుతుంది. అతని విషయంలో ఇదే జరిగిందని నేను ప్రమాణం చేయను. ఆ రెండు ఆర్డర్ల డెలివరీ సమయం చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. సమయం పన్నెండు లోపే ఉంటే మాత్రం ఇది వారం మారడం వల్ల వచ్చిన తేడా కాదు. ఆ ఆర్డర్లు క్యాన్సిల్ కింద నమోదయ్యాయేమో చూడాలి. కస్టమరో, రెస్టారెంటో క్యాన్సిల్ చేసింది రైడర్ ఖాతాలో పడిపోయి ఉంటే అది కంపెనీ తప్పు, దానికి డబ్బు తిరిగి ఇవ్వాలి.

ఇక మెసేజ్ సంగతి. మీ మేనేజర్‌గారు చెప్పినట్టు చిన్నగా రాయడం తప్పు కాదు. పాజిటివ్‌గా రాయడమే తప్పు. డబ్బు తక్కువ పడ్డ మనిషికి ‘మరిన్ని ఆర్డర్లు చేయండి’ అంటే, నువ్వు సరిగ్గా చేయలేదు అన్నట్టు వినిపిస్తుంది. ఆ వాక్యం తీసేయండి, దాని బదులు ఇంకేమీ పెట్టకండి. ‘ప్రియమైన పార్ట్‌నర్’ కూడా తీసేసి పేరు పెట్టి గారు అనండి. ‘పాలసీ ప్రకారం’ అన్నది ఏ పాలసీయో చెప్పనప్పుడు బెదిరింపులా ఉంటుంది. ‘సవరించబడింది’ బదులు ‘తగ్గించాం’ అని రాస్తే సగం వేడి తగ్గుతుంది. తగ్గించింది మీరే కదా, ఒప్పుకుంటే ఏం పోతుంది?

అంకెల వరస ఎలా ఉండాలన్నది మాటలకంటే ముఖ్యం. ‘మీరు అనుకున్నది ఇంత’ అని మొదలుపెట్టకండి, అతను ఎంత అనుకున్నాడో మీకు తెలియదు. యాప్ హోమ్ పేజీలో వారమంతా అతను చూసిన అంకెతో మొదలుపెట్టండి. ఎందుకంటే ఆ ఆశ పుట్టిందే అక్కడ. చాలా యాపుల్లో హోమ్ పేజీ సంపాదన చూపిస్తుంది గానీ చేతిలో ఉన్న క్యాష్‌ను అందులోంచి తీయదు. మీదీ అలాంటిదే అయితే, ఆదివారం రాత్రి మీ తెర మీదే పెద్ద అంకె చూపించి బుధవారం బ్యాంకులో చిన్న అంకె వేస్తున్నారన్నమాట. మధ్యలో ఏమైందో వరసగా దించుకుంటూ వచ్చి, బ్యాంకు మెసేజ్‌లో అతనికి వచ్చిన అంకె దగ్గర ఆపాలి. రెండు చివరలా అతను కళ్లతో చూసిన అంకెలే ఉంటే మధ్యలోవి నమ్ముతాడు.

నేను ఒకప్పుడు గుంటూరులో ఒక స్పిన్నింగ్ మిల్లు అకౌంట్స్‌లో కూర్చునేదాన్ని. శనివారం జీతం కవర్లు ఇచ్చాక కిటికీ దగ్గర లైను కట్టేవాళ్లు, ‘తక్కువొచ్చింది’ అని. చాలాసార్లు ఆ తక్కువ వాళ్లు మధ్యలో తీసుకున్న అడ్వాన్సే. చీటీ మీద ‘కోతలు’ అని ఒకే అంకె ఉండేది. దాన్ని విడదీసి ‘మంగళవారం మీరు తీసుకున్న అడ్వాన్సు’ అని రాయడం మొదలుపెట్టాక లైను సగానికి తగ్గింది. ‘మీరు తీసుకున్న’ అనే మాట దగ్గర వాళ్లకు ఆ రోజు గుర్తొచ్చేది. క్యాష్ సర్దుబాటుకూ ఇదే వర్తిస్తుంది. ఆ మాటే వాడకండి. అది అకౌంట్స్ వాళ్ల మాట, రైడరుకు ఏమీ చెప్పదు.

మీ తమ్ముడి లెక్కతోనే ఒకటి రాసి చూపిస్తాను. పేరు శ్రీను అనుకుందాం, వారం జూన్ 8 నుంచి 14 అనుకుందాం, బ్యాగు వాయిదాలు నాలుగనుకుందాం. యాప్‌లో తెరిస్తే కనిపించేది ఇది:

> శ్రీను గారు, జూన్ 8 సోమవారం నుంచి 14 ఆదివారం వరకు మీ లెక్క ఇది.
>
> 84 ఆర్డర్లకు రూ.3,780
> ఇన్సెంటివ్ రూ.700
> మీ సంపాదన రూ.4,480
>
> ఇందులోంచి తగ్గించినవి:
> మీరు కస్టమర్ల దగ్గర తీసుకున్న క్యాష్‌లో ఆదివారం రాత్రి 12 వరకు మాకు అందనిది రూ.1,350. ఇది మీ దగ్గరే ఉంది, మళ్లీ కట్టక్కర్లేదు.
> బ్యాగు వాయిదా రూ.150. నాలుగింటిలో ఇది రెండోది.
>
> బ్యాంకులో వేసింది రూ.2,980
>
> ఆదివారం రాత్రి 12 దాటాక మీరు ఇచ్చిన 2 ఆర్డర్ల డబ్బు రూ.94 వచ్చే బుధవారం వస్తుంది. ఆ రెండూ వచ్చే వారం టార్గెట్‌లో కలుస్తాయి.
> 85 ఆర్డర్లకు రూ.1,200 ఇన్సెంటివ్. ఈ వారం లెక్కలోకి వచ్చినవి 84, అందుకే 70 ఆర్డర్ల ఇన్సెంటివ్ రూ.700 ఇచ్చాం.
>
> ఏ అంకె తప్పనిపించినా దాని పక్కనున్న బటన్ నొక్కండి. ఆదివారం లోపు నొక్కితే మా మనిషి చూసి రెండు రోజుల్లో జవాబు ఇస్తారు.

ఇందులో రెండు చోట్ల కాస్త ఆగాలి. ‘మళ్లీ కట్టక్కర్లేదు’ అన్న రెండు మాటలు లేకపోతే ఏమవుతుందో చూడండి. డబ్బు బాకీ ఉందనుకుని భయపడిన రైడరు గురువారం పొద్దున్నే ఆ 1,350 యూపీఐలో కట్టేస్తాడు, లేదంటే ఐడీ బ్లాక్ అవుతుందని. అప్పటికే మీరు తగ్గించేశారు. ఇప్పుడు అతను రెండుసార్లు కట్టినట్టయింది. తర్వాత ఆ డబ్బు కోసం ఇంకో ఫిర్యాదు టికెట్, ఇంకో నాలుగు కాల్స్. రెండు మాటలు పెట్టకపోయినందుకు ఇంత పని.

రెండోది ‘ఆదివారం రాత్రి 12 వరకు మాకు అందనిది’. రైడరు ఆదివారం పదకొండున్నరకే కట్టి ఉండొచ్చు, మీ లెడ్జర్‌లో సోమవారం ఎక్కి ఉండొచ్చు. అప్పుడు ‘మీరు కట్టలేదు’ అని రాస్తే అబద్ధమవుతుంది, పైగా దొంగను చేసినట్టుంటుంది. ‘మాకు అందనిది’ అంటే అతను కట్టాడా లేదా అన్న తీర్పు మీరు ఇవ్వలేదు. కట్టి ఉంటే అతని ఫోన్‌లో యూపీఐ రిఫరెన్స్ నంబరు ఉంటుంది, పన్నెండు అంకెలు. బటన్ నొక్కిన చోట ఆ నంబరు ఒక్కటి అడగండి, స్క్రీన్‌షాట్లు, కథలు అక్కర్లేదు. నంబరుతో వెతికితే మీవాళ్లకు ఆ డబ్బు ఎక్కడుందో దొరుకుతుంది.

ఆ బటన్ వెనక నిజంగా మనిషి లేకపోతే మాత్రం చివరి రెండు వాక్యాలు రాయకండి. ‘రెండు రోజుల్లో’ అని రాసి పది రోజులకు కూడా చూడకపోతే, అంతకుముందు రాసిన సరైన అంకెల మీద కూడా నమ్మకం పోతుంది.

ఈ మొత్తం ఎస్ఎంఎస్‌లో పట్టదు, పట్టించాలని చూడకండి కూడా. ఇంగ్లిష్‌లో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70. రెండు మూడు ముక్కలుగా పోతే ముక్కకు 67. పైగా మనం ఒక అక్షరం అనుకునేది ఫోన్‌కు ఒకటి కాదు. ‘స్త్రీ’ అన్నది మనకు ఒక్క అక్షరం, ఎస్ఎంఎస్ లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ‘చెల్లింపు’ ఒక్క మాటకే తొమ్మిది పోతాయి. అలాగే కంపెనీలు పంపే ఎస్ఎంఎస్ మాటల్ని ముందే టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలని మీకు తెలిసే ఉంటుంది. పేరు, అంకెల్లాంటి మారే చోట్లలో తప్ప ఒక్క మాట అటూ ఇటూ అయినా మెసేజ్ ఆగిపోతుంది. ఒక్కో మారే చోట పొడుగుకూ హద్దు ఉంటుంది, అందుకని మొత్తం కారణాన్ని అందులో దూర్చే ఎత్తు కూడా పారదు. కాబట్టి ఎస్ఎంఎస్ పని ఒక్కటే, కంగారు తగ్గించి యాప్‌లోకి పంపడం. ఇలా రిజిస్టర్ చేయించవచ్చు, గీతలున్నవి మారే చోట్లు:

```
____ గారు, ____ వారానికి మీ దగ్గరున్న క్యాష్ రూ.____ పోను బ్యాంకులో వేసింది రూ.____. పూర్తి లెక్క యాప్‌లో ఉంది.
```

పేరు, తేదీలు, అంకెలు నింపాక ఇది దాదాపు 120 వస్తుంది, అంటే రెండు ముక్కల్లో సరిపోతుంది. ‘పోను’ అన్న మాట చూశారా? ‘మీ వద్ద ఉన్న నగదు మొత్తాన్ని సర్దుబాటు చేసిన అనంతరం’ అనే బారు వాక్యం చేసే పని అదొక్కటే చేస్తుంది. కొట్టువాడు ‘పాత బాకీ పోను’ అంటే అడగకుండానే అర్థమవుతుంది మనకు. క్యాష్ బాకీ లేని రైడరుకు ఇదే టెంప్లేట్ పంపితే ‘క్యాష్ రూ.0 పోను’ అని వెళ్లి నవ్వులపాలవుతారు. క్యాష్ లేనివాళ్లకు ఆ ముక్క తీసేసి రెండోది రిజిస్టర్ చేయించండి.

మేనేజర్‌గారికి ఏం చెప్పాలి అన్నది మీ ఎదురుగా ఉన్న అసలు ఇబ్బంది అనుకుంటాను. మీకు మూడు దారులున్నాయి.

ఒకటి, ఆయన చెప్పినట్టే మెసేజ్‌ను చిన్నగా ఉంచి, మాటలు మాత్రం మర్యాదగా మార్చడం. మీ ఉద్యోగానికి దీనివల్ల ఏ ఇబ్బందీ రాదు. కాల్స్ కూడా తగ్గవు. ఎందుకంటే రైడరు కాల్ చేసేది మర్యాద లేక కాదు, 1,350 ఎక్కడుందో తెలియక. నెల తర్వాత ‘తిరగరాసినా లాభం లేదు’ అన్న మాట మీ మీదకే వస్తుంది.

రెండోది, చాలా కంపెనీలు చేసేది, కారణాలన్నీ ఒకే మెసేజ్‌లో గుదిగుచ్చడం: ‘క్యాష్ బాకీ, రిజెక్ట్ చేసిన ఆర్డర్లు, లాగిన్ అవర్స్ తగ్గడం, పెనాల్టీ, వీటిలో ఏదైనా కారణం కావచ్చు’. డేటా వాళ్లను బతిమాలే పని లేదు కాబట్టి ఇది సులభంగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇది మొదటిదానికంటే చెడ్డది. ఏ తప్పూ చేయని మనిషి ఆ జాబితాలో ‘పెనాల్టీ’ చూసి ‘నాకు పెనాల్టీ వేశారు’ అని తోటివాళ్లకు చెప్తాడు. సాయంత్రానికి బెంజ్ సర్కిల్ దగ్గర బండ్లు ఆపుకుని కూర్చున్న ప్రతివాడికీ పెనాల్టీ పడినట్టే.

మూడోది పైన నేను రాసినట్టు ఎవరి అంకెలు వాళ్లకు ఇవ్వడం. దీనికి ఆరేడు అంకెలు సిస్టమ్ నుంచి మెసేజ్‌లోకి రావాలి, అంటే ఇంకో టీమ్ పని చేయాలి, వారాలు పట్టవచ్చు. దీనికో ప్రమాదం కూడా ఉంది. అంకె తప్పయితే, ఏమీ చెప్పకపోవడంకంటే ఎక్కువ నష్టం. అందుకని పంపే ముందు ఒక చిన్న అడ్డు పెట్టించండి: సంపాదనలోంచి తగ్గింపులు తీస్తే బ్యాంకులో వేసిన అంకె రాకపోతే ఆ మెసేజ్ వెళ్లకూడదు, మీ దగ్గరికి రావాలి. 4,480 లోంచి 1,350, 150 తీస్తే 2,980 రావాలి. అంతకంటే పెద్ద లెక్క కాదు.

‘కారణాలు రాస్తే గొడవలు పెరుగుతాయి’ అన్న ఆయన భయాన్ని కొట్టిపారేయకండి. అందులో కొంత నిజముంది. బ్యాగు వాయిదా గురించి ఇంతవరకు తెలియనివాడికి ఇప్పుడు తెలుస్తుంది, అడుగుతాడు. మొదటి రెండు బుధవారాలు కాల్స్ పెరిగినా ఆశ్చర్యపోను. కాబట్టి వాదించకండి, కొలిచి చూపించండి. పోయిన బుధవారం వచ్చిన కాల్స్‌లో ఒక యాభై తీసుకుని ప్రతిదాని పక్కన మూడింటిలో ఒకటి రాయండి: డబ్బు అతని దగ్గరే ఉంది, వచ్చే వారం వస్తుంది, ఇక రాదు. కంపెనీ తప్పు కనిపిస్తే నాలుగోది. మొదటి రెండు రకాలే ఎక్కువుంటే ఆ కాల్స్ మెసేజ్ వల్ల వచ్చినవే, సరైన మెసేజ్‌తో పోతాయి. మూడోది ఎక్కువుంటే మెసేజ్ ఎంత బాగా రాసినా లాభం లేదు, గొడవ నియమాల మీద. ఏది తేలినా ఆయన దగ్గరికి మీ అభిప్రాయంతో కాకుండా ఆ కాగితంతో వెళ్తారు.

నియమం అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి. ఆదివారం రాత్రి తీసుకున్న ఆర్డర్ని సోమవారంలో కలపడం నాకు న్యాయంగా అనిపించలేదు. తీసుకున్న సమయాన్ని లెక్కపెడితే ఈ 500 గొడవే ఉండదు. అంత మార్చలేకపోయినా, ఆదివారం రాత్రి తొమ్మిదికి ‘ఇప్పటికి మీవి 80, రాత్రి 12 లోపు డెలివరీ అయినవే ఈ వారం లెక్క’ అని ఒక్క నోటిఫికేషన్ పంపితే రైడరు తన నిర్ణయం తను తీసుకుంటాడు. బుధవారం రాసే ఏ మెసేజ్ వల్లా ఆ పని కాదు. ఇది మీ చేతిలో లేకపోవచ్చు, ఆ కాగితం ఇచ్చేటప్పుడు ఒక మాట అనండి.

చట్టం సంగతి ఆయన ఎత్తితే ఇంతవరకు తెలిస్తే చాలు. ఉద్యోగికి ఇచ్చినట్టు రైడరుకు జీతం చీటీ రాదు, అతన్ని మీరు పార్ట్‌నర్ అంటారు కాబట్టి. సామాజిక భద్రత కోడ్, 2020 మీ రైడర్లలాంటి గిగ్ కార్మికుల్ని గుర్తించింది గానీ అది ప్రధానంగా బీమా, సంక్షేమం లాంటి వాటికోసం. కర్ణాటక 2025లో తెచ్చిన గిగ్ కార్మికుల చట్టం మాత్రం కోత పెడితే కారణం చెప్పాలంటుంది. అది మన రాష్ట్రానికి వర్తించదు. కానీ మీ కంపెనీకి బెంగళూరులోనూ రైడర్లు ఉంటే, అక్కడ ఎలాగూ చేయాల్సిన పనిని ఇక్కడ వద్దనడానికి పెద్ద కారణం కనిపించదు.

తమ్ముడి ఐడీ తెరవడం గురించి. మీ ఉద్దేశం మంచిదే. అయినా సొంతవాళ్ల ఖాతాను టికెట్ లేకుండా తెరవడం ఏ కంపెనీలోనైనా ఇబ్బందే, ఎవరు ఏ ఐడీ ఎప్పుడు చూశారో నమోదవుతుంది. మళ్లీ తెరవకండి. మీ టీమ్ లీడ్‌కు మీరే ముందుగా ‘మా తమ్ముడు రైడరు, అతని ఐడీ ఒకసారి చూశాను, ఇకనుంచి అతని టికెట్లు నాకు రాకుండా చూడండి’ అని చెప్పేస్తే మంచిదని నా సలహా. ఒక మాట పడాల్సి రావచ్చు. చెప్పకుండా ఉంటే బహుశా ఏమీ కాదు. కానీ రేపు అతనికి ఆ 500 తిరిగి వస్తే, అక్క ఇప్పించింది అన్న మాట పుడుతుంది, అప్పుడు మీరు ఏం చెప్పినా వినరు.

అతనికి మీ లాగిన్‌లో చూసిన అంకెలు చదివి వినిపించకండి. అతని ఫోన్‌లోనే అతని చేత లెక్క వేయించండి. క్యాష్ డిపాజిట్ల పేజీ తెరిపించి, ఆదివారం నాటికి ఎంత కట్టలేదో చూడమనండి. ఆర్డర్ల హిస్టరీలో ఆదివారం చివరి రెండు ఆర్డర్లు ఏ తేదీ కింద ఉన్నాయో చూడమనండి. సోమవారం కింద ఉంటే 94 వస్తుందని చెప్పండి. అక్కడా లేకపోతే ఆ రెండు ఆర్డర్ల నంబర్లతో అతన్నే టికెట్ పెట్టమనండి. ‘డబ్బులు తక్కువొచ్చాయి’ అని కాకుండా ‘ఈ రెండు ఆర్డర్లు ఏ వారంలోనూ లేవు’ అని రాయమనండి. మొదటి దానికి మీ పాత మెసేజే జవాబుగా వస్తుంది, రెండో దానికి ఎవరో ఒకరు తెరిచి చూడాలి.

కొత్త మెసేజ్ ఆఫీసులో అందరికీ నచ్చాక కూడా పంపకండి. కాగితం మీద కాదు, ఫోన్‌లో పెట్టుకుని, ఏదైనా బిర్యానీ హోటల్ బయట ఆర్డర్ కోసం నిలబడ్డ ముగ్గురు రైడర్లకు చూపించండి. ఎండలో, పగిలిన స్క్రీన్ మీద చదివేది వాళ్లే. ‘బాగుందా?’ అని అడగకండి, బాగుందనే అంటారు. ‘ఇందులో ఇతని దగ్గర ఎంతుంది, వచ్చే వారం ఎంతొస్తుంది?’ అని అడగండి. 1,350, 94 అని వేలు పెట్టి చూపిస్తే పంపండి. ఎవరైనా ఒక్కరు ‘1,350 కట్ చేశారా?’ అంటే ఆ వాక్యం దగ్గర ఇంకా పనుంది.